పదో వంతు సరుకు తగ్గితే మూడో వంతు లాభం ఎందుకు పోయింది?

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక ఆసామి, ఆర్థిక సంవత్సరం ముగిసిన వారానికే లెక్కల పుస్తకాలు చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. కూర్చోకముందే అడిగారు: "ఏమండీ, నిరుడు ఎనబై వేల టిక్కీలు దిగినయ్. ఈ ఏడు డెబ్బై రెండు వేలు. పదో వంతే కదా తగ్గింది! అద్దె రూపాయి తగ్గించలా, కొత్త ఖర్చు ఒక్కటీ పెట్టలా. మరి లాభం నలబై లక్షల నుంచి ఇరవై ఏడుకి ఎట్టా పడిపోయింది? గుమస్తా ఎక్కడో తప్పు రాసుంటాడు, కాస్త చూడండి."

గుమస్తా తప్పేమీ రాయలేదు. సరుకులో పదో వంతు తగ్గుదల లాభంలో మూడో వంతు తగ్గుదలగా మారడానికి ఆ వ్యాపారంలోనే కారణం ఉంది. దాన్ని కామర్స్ పుస్తకాలు లీవరేజ్ అంటాయి. గడ్డపార కింద చిన్న రాయి పెట్టి అటు చివర నొక్కితే ఇటు చివర పెద్ద బండ లేస్తుంది కదా, పేరు అక్కడి నుంచే వచ్చింది. అటు చివర అమ్మకం, ఇటు చివర లాభం. మధ్యలో రాయిలా కదలకుండా కూర్చునేవి రెండు: వ్యాపారం ఉన్నా లేకపోయినా పెట్టాల్సిన స్థిర ఖర్చు, లాభం వచ్చినా రాకపోయినా కట్టాల్సిన వడ్డీ. మొదటిది తెచ్చేది ఆపరేటింగ్ లీవరేజ్, రెండోది తెచ్చేది ఫైనాన్షియల్ లీవరేజ్, రెండూ కలిస్తే కంబైన్డ్ లీవరేజ్. సీఏ, సీఎంఏ, ఎంబీఏ చదివే పిల్లలకు ఇవి పరీక్షలో వచ్చే మూడు సూత్రాలు. ఆ ఆసామికి మాత్రం పోయిన పదమూడు లక్షల లెక్క.

ఆయన పుస్తకాల్లోని అంకెలను, తేలిగ్గా అర్థమయ్యేలా సర్ది, గుండ్రంగా చేసి ఇక్కడ చెబుతున్నాను.

మిర్చి కోల్డ్ స్టోరేజీ ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం రెండు మాటలు. చలికాలం పోయి ఎండలు ముదిరేదాకా కాయ యార్డుకు వస్తూనే ఉంటుంది. ధర నచ్చని రైతు, ముందుముందు పెరుగుతుందనుకునే వ్యాపారి సరుకును బస్తాల్లో తొక్కించి చలిగదిలో పెడతారు. ఆ బస్తానే టిక్కీ అంటారు. చల్లదనంలో కాయ రంగు, ఘాటు పోవు. అద్దె టిక్కీకి ఇంత అని, సీజను మొత్తానికి. మన లెక్కలో టిక్కీకి 200 రూపాయలు అనుకుందాం.

ఇప్పుడు ఖర్చు చూడండి. టిక్కీ దించి, గదిలో పేర్చి, మళ్లీ బయటికి తీసే హమాలీ ఖర్చు, సరుకు మీద కట్టే బీమా, వెచ్చగా వచ్చిన కాయను చల్లబరచడానికి అదనంగా కాలే కరెంటు, ఇవన్నీ టిక్కీల లెక్కన పెరుగుతాయి, తగ్గుతాయి. కలిపి టిక్కీకి 40 రూపాయలు. ఇది చర ఖర్చు. రెండో రకం ఖర్చుకు టిక్కీలతో పని లేదు. అమ్మోనియా కంప్రెసర్ నడవాల్సిందే, ఎందుకంటే గది సగమే నిండినా చల్లదనం గది మొత్తానికీ పట్టాలి. ఆపరేటర్ జీతం, వాచ్‌మన్ జీతం, మరమ్మతులు, భవనం మీదా యంత్రాల మీదా తరుగుదల, అన్నీ కలిపి ఏడాదికి 64 లక్షలు. ఇది స్థిర ఖర్చు.

పెట్టుబడి మొత్తం 5 కోట్ల 40 లక్షలు. అందులో 3 కోట్లు వాటాదారులది, వంద రూపాయల షేర్లు 3 లక్షలు. మిగతా 2 కోట్ల 40 లక్షలు బ్యాంకు అప్పు, వడ్డీ 10 శాతం, అంటే ఏడాదికి 24 లక్షలు. పన్ను 25 శాతం అనుకుందాం.

ఎనబై వేల టిక్కీల ఏడాది లెక్క ఇలా దిగుతుంది. అద్దె రాబడి 160 లక్షలు. అందులోంచి చర ఖర్చు 32 లక్షలు తీసేస్తే మిగిలేది 128 లక్షలు. దీన్ని కాంట్రిబ్యూషన్ అంటారు. ప్రతి టిక్కీ తన సొంత ఖర్చు పోను స్థిర ఖర్చుల బరువు మోయడానికి ఇచ్చే చందా అన్నమాట, టిక్కీకి 160 రూపాయలు. దాంట్లోంచి స్థిర ఖర్చు 64 లక్షలు పోతే మరో 64 లక్షలు. ఇది వడ్డీకీ పన్నుకూ ముందున్న లాభం, వాడుకలో ఈబిట్. వడ్డీ 24 లక్షలు పోతే పన్నుకు ముందు లాభం 40 లక్షలు. పన్ను 10 లక్షలు కడితే చేతికి 30 లక్షలు. షేరుకు పది రూపాయలు.

మూడు లీవరేజ్‌లూ ఈ నిచ్చెన మెట్ల మీదే ఉన్నాయి. కాంట్రిబ్యూషన్‌ను ఈబిట్‌తో భాగిస్తే, 128 బై 64, ఆపరేటింగ్ లీవరేజ్ 2. ఈబిట్‌ను పన్నుకు ముందు లాభంతో భాగిస్తే, 64 బై 40, ఫైనాన్షియల్ లీవరేజ్ 1.6. రెంటినీ గుణిస్తే కంబైన్డ్ లీవరేజ్ 3.2. గుణించకుండా నేరుగా పై మెట్టును కింది మెట్టుతో భాగించినా, 128 బై 40, అంతే వస్తుంది. మధ్యలో ఉన్న ఈబిట్ కొట్టుకుపోతుంది.

ఆ 3.2 అంకె చెప్పేది ఒకటే మాట. ఈ స్థాయి నుంచి సరుకు ఒక శాతం కదిలితే షేరు మీద ఆదాయం 3.2 శాతం కదులుతుంది. పెరిగితే అంత పైకి, తగ్గితే అంత కిందికి.

ఆసామి ముందు కాగితం పెట్టి డెబ్బై రెండు వేల టిక్కీలకు మళ్లీ మొదటి నుంచి వేశాను. రాబడి 144 లక్షలు, చర ఖర్చు 28.8 లక్షలు, కాంట్రిబ్యూషన్ 115.2 లక్షలు. ఇక్కడిదాకా అన్నీ పది శాతమే తగ్గాయి. స్థిర ఖర్చు మాత్రం 64 లక్షల దగ్గరే ఉంది, అందుకే ఈబిట్ 51.2కి వచ్చింది. ఇరవై శాతం దిగింది. వడ్డీ 24 లక్షలూ కదల్లేదు, అందుకే పన్నుకు ముందు లాభం 27.2 లక్షలు. ముప్పై రెండు శాతం దిగింది. షేరుకు పది రూపాయలు వచ్చేచోట ఆరు రూపాయల ఎనబై పైసలు. ఆయన వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చి, స్థిర ఖర్చు దగ్గర ఒకసారి, వడ్డీ దగ్గర ఒకసారి ఆగారు. "ఈ రెండూ కూడా పది శాతం తగ్గి ఉంటే సరిపోయేది" అన్నారు. అంతకన్నా సూటిగా ఈ సంగతి చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

అన్ని వ్యాపారాల్లోనూ ఇంత ఊపు ఉండదు. అదే ఊళ్లో కారం మర పెట్టి కారప్పొడి అమ్మే మనిషిని తీసుకోండి. ఆయనా 160 లక్షలు అమ్ముతాడనుకుందాం. అందులో 128 లక్షలు కాయ కొనడానికి, ప్యాకింగుకు పోతాయి. కాంట్రిబ్యూషన్ 32, మర మీద స్థిర ఖర్చు 8, ఈబిట్ 24. లీవరేజ్ 1.33. అమ్మకం పది శాతం పడితే ఆయన ఈబిట్ పదమూడు శాతం పైచిలుకు పడుతుంది, అంతే. కాయ కొనకపోతే ఆయనకు ఆ ఖర్చు ఉండదు. కోల్డ్ స్టోరేజీకి ఆ వెసులుబాటు లేదు, దాని ఖర్చంతా గోడల్లోనూ కంప్రెసర్‌లోనూ ముందే పోసేశారు.

పరీక్ష పేపర్లో ఖర్చుల్ని స్థిరం, చరం అని విడగొట్టే ఇస్తారు. నిజం పుస్తకాల్లో అలా ఉండదు. కరెంటు బిల్లునే చూడండి. అందులో కాంట్రాక్టు డిమాండు మీద పడే చార్జీ ఉంటుంది, గోడల గుండా లోపలికి వచ్చే వేడిని తోడిపోయడానికి కాలే యూనిట్లు ఉంటాయి, కొత్తగా దిగిన కాయ తెచ్చిన వేడిని తీయడానికి కాలే యూనిట్లు ఉంటాయి. మొదటి రెండూ స్థిరం, మూడోది చరం. బిల్లు మీద ఆ విభజన ఎక్కడా రాసి ఉండదు.

విడదీయడానికి ఒక మోటు పద్ధతి ఉంది. సరుకు తక్కువున్న ఏడాదినీ ఎక్కువున్న ఏడాదినీ పక్కపక్కన పెట్టాలి. ఈయన పుస్తకాల్లో అరవై వేల టిక్కీల ఏడాది కరెంటు 22 లక్షలు, ఎనబై వేల ఏడాది 24 లక్షలు. ఇరవై వేల టిక్కీలు పెరిగితే 2 లక్షలు పెరిగింది, అంటే టిక్కీకి 10 రూపాయలు చర ఖర్చు. ఎనబై వేలకు అది 8 లక్షలు. మిగతా 16 లక్షలు టిక్కీలతో సంబంధం లేనిది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ రెండేళ్ల మధ్య యూనిట్ ధర మారినా, ఒక వేసవి మరీ మండినా ఈ లెక్క పట్టు తప్పుతుంది. అందుకే రూపాయలను కాకుండా ముందు యూనిట్లను పోల్చి, తర్వాత ఇప్పటి ధర కట్టడం మంచిది.

ఈ విభజన తప్పితే ఏమవుతుందో చూపిస్తాను. ఈయన గుమస్తా కరెంటు మొత్తం 24 లక్షలనూ చర ఖర్చు కింద వేసేవాడు. అప్పుడు చర ఖర్చు 48, కాంట్రిబ్యూషన్ 112, ఈబిట్ మాత్రం అదే 64. లీవరేజ్ 1.75 అని తేలుతుంది. మొత్తం స్థిరమని వేస్తే 136 బై 64, అంటే 2.125. ఈ ఏడాది లాభంలో పైసా తేడా రాదు, కాబట్టి తప్పు జరిగిందని ఎవరికీ అనుమానం రాదు. వచ్చే ఏడాది అంచనా దగ్గర మాత్రం తేలిపోతుంది. మీ విభజన సరైనదో కాదో తెలుసుకోవాలంటే దారి ఒకటే. నిరుటి లీవరేజ్‌తో ఈ ఏటి ఈబిట్‌ను అంచనా వేసి, నిజంగా వచ్చినదానితో పోల్చండి. అద్దె, కూలీ మారకపోయినా అంచనా తప్పిందంటే ఏదో ఒక ఖర్చు తప్పు గూట్లో ఉన్నట్టే.

లిస్టెడ్ కంపెనీల లెక్కల్లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. 2013 కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం అచ్చయ్యే లాభనష్టాల పట్టికలో జీతాలు, తరుగుదల, ఫైనాన్స్ కాస్ట్స్, ఇతర ఖర్చులు అని ఖర్చు స్వభావాన్ని బట్టి విభజన ఉంటుంది కానీ స్థిరం, చరం అని ఉండదు. వడ్డీ విడిగా కనిపిస్తుంది కాబట్టి ఫైనాన్షియల్ లీవరేజ్ బయటివాళ్లయినా వేసుకోవచ్చు. ఒకసారి ఆస్తి అమ్మితే వచ్చిన లాభం లాంటివి ఉంటే ముందు పక్కన పెట్టాలి. కాంట్రిబ్యూషన్ మాత్రం బయటివాళ్లకు దొరకదు. రెండేళ్ల ఈబిట్ మార్పు శాతాన్ని అమ్మకాల మార్పు శాతంతో భాగించి ఇదే ఆపరేటింగ్ లీవరేజ్ అనేవాళ్లున్నారు. ఆ లెక్క ఎక్కడ చెడుతుందో మా ఆసామి అడిగిన రెండో ప్రశ్నలోనే ఉంది.

"సరే, వచ్చే ఏడు కూడా సరుకు పలచనైతే, పక్కవాళ్లు అద్దె తగ్గిస్తారు. నేనూ పది శాతం తగ్గిస్తే? అదీ పది శాతమేగా, ఇదే లెక్క వస్తదా?"

రాదు. సూత్రాలు బట్టీపట్టినవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ఆపరేటింగ్ లీవరేజ్ 2 అన్నది సరుకు పరిమాణం మారినప్పటి మాట, ధర మారినప్పటిది కాదు. ఎనిమిది వేల టిక్కీలు రాకపోతే వాటి హమాలీ, బీమా కూడా మిగులుతాయి. అదే ఎనబై వేల టిక్కీలూ వచ్చి, అద్దె 200 నుంచి 180కి దిగితే ఏ ఖర్చూ మిగలదు. రాబడిలో తగ్గిన 16 లక్షలూ నేరుగా లాభంలోంచే పోతాయి. ఈబిట్ 64 నుంచి 48కి, అంటే 25 శాతం. పన్నుకు ముందు లాభం 40 నుంచి 24కి, అంటే 40 శాతం. రెండు సందర్భాల్లోనూ రాబడి 144 లక్షలే. ఒకచోట 27.2 మిగిలింది, ఇంకోచోట 24.

రెండూ ఒకేసారి జరిగితే, డెబ్బై రెండు వేల టిక్కీలు, అద్దె 180, అప్పుడు టిక్కీ ఇచ్చే చందా 140 రూపాయలకు పడుతుంది. కాంట్రిబ్యూషన్ 100.8, ఈబిట్ 36.8, వడ్డీ పోను 12.8 లక్షలు. నలబైలో మూడో వంతు కూడా లేదు. షేరుకు మూడు రూపాయల ఇరవై పైసలు. సరుకు తక్కువైన ఏడాదే అద్దె కూడా తగ్గుతుంది కాబట్టి ఇది ఊహకందని ఉపద్రవం కాదు. ఈ ధంధాలో మామూలుగా వచ్చే చెడ్డ ఏడాది ఇలాగే ఉంటుంది.

ఇంకో అపోహ కూడా తీయాలి. లీవరేజ్ ఒక వ్యాపారానికి పుట్టుమచ్చలా శాశ్వతమైన అంకె కాదు. ఏ మెట్టు మీద నిలబడి చూస్తున్నామో దాన్ని బట్టి మారుతుంది. ఎనబై వేల దగ్గర కంబైన్డ్ 3.2 ఉంది కదా, డెబ్బై రెండు వేల దగ్గరికి దిగాక వేస్తే 115.2 బై 27.2, అంటే 4.2 దాటింది. అక్కడి నుంచి మళ్లీ పది శాతం పడితే దెబ్బ ముప్పై రెండు శాతం కాదు, నలబై రెండు. అదే లక్ష టిక్కీలు నిండి ఉంటే 160 బై 72, అంటే 2.2. కిందికి పోయేకొద్దీ మెట్లు నిటారుగా ఉంటాయి.

ఎంత కిందిదాకా? స్థిర ఖర్చు 64 లక్షలను టిక్కీ చందా 160 రూపాయలతో భాగిస్తే నలబై వేల టిక్కీలు. అక్కడ ఈబిట్ సున్నా. కానీ వడ్డీ కూడా గట్టెక్కాలంటే 64కు 24 కలపాలి. 88 లక్షలకు యాబై ఐదు వేల టిక్కీలు కావాలి. యాబై ఆరు వేల దగ్గర పన్నుకు ముందు లాభం లక్షా అరవై వేలు, కంబైన్డ్ లీవరేజ్ 56. అంకె చూసి భయపడనక్కర్లేదు. రెండు శాతం సరుకు తగ్గినా లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోతుందని మాత్రమే దాని అర్థం. సరిగ్గా యాబై ఐదు వేల దగ్గర సున్నాతో భాగించాల్సి వస్తుంది, అంకెకు అర్థమే ఉండదు. దాని కిందికి వెళ్తే జవాబు మైనస్‌లో వస్తుంది. కొందరు విద్యార్థులు మైనస్ లీవరేజ్ అంటే రిస్కు తక్కువనుకుని రాస్తారు. అది నష్టంలో ఉన్నామన్న గుర్తు తప్ప మరేం కాదు.

ఇక అప్పు సంగతి. ఇదంతా విన్నాక ఆసామి నిట్టూర్చి, "అయితే అప్పు చేయకుండా ఉండాల్సింది" అన్నారు. ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేను. అప్పు లేకుండా 5 కోట్ల 40 లక్షలూ వాటాదారులే పెట్టి ఉంటే షేర్లు 5 లక్షల 40 వేలు ఉండేవి. ఎనబై వేల టిక్కీల ఏడాది 64 లక్షల మీద పన్ను పోను 48 లక్షలు, షేరుకు 8 రూపాయల 89 పైసలు. అప్పుతో వచ్చింది పది రూపాయలు. మంచి ఏడాది అప్పే వాటాదారుకు ఎక్కువ ఇచ్చింది. డెబ్బై రెండు వేల ఏడాది అప్పు లేకపోతే 7 రూపాయల 11 పైసలు, అప్పుతో 6 రూపాయల 80 పైసలు. అప్పుడు అప్పే తక్కువ చేసింది.

ఈ రెంటి మధ్య ఎక్కడో ఒక గీత ఉండాలి కదా. దాన్ని కనుక్కోవడం సులువు. మొత్తం పెట్టుబడి మీద వ్యాపారం సంపాదించేది సరిగ్గా వడ్డీ రేటుతో సమానమైన చోటు అది. 5 కోట్ల 40 లక్షల మీద పది శాతం 54 లక్షలు. ఈబిట్ 54 లక్షల దగ్గర అప్పు ఉన్నా లేకపోయినా షేరుకు ఏడున్నర రూపాయలే. ఆ 54 లక్షలు రావాలంటే కాంట్రిబ్యూషన్ 118 లక్షలు, అంటే 73,750 టిక్కీలు. గది అంతకన్నా నిండితే అప్పు మనకు పనిచేస్తుంది, నిండకపోతే మనం అప్పుకు పనిచేస్తాం. నా దృష్టిలో మూడు లీవరేజ్ అంకెల కన్నా ఈ ఒక్క టిక్కీల సంఖ్య ఆ ఆసామికి ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే ఏప్రిల్ నాటికే గదులు చూసి తానెక్కడున్నాడో ఆయన చెప్పుకోగలడు.

ప్రిఫరెన్స్ షేర్లు ఉన్న కంపెనీల్లో ఒక మెలిక ఉంది. వాటి డివిడెండు కూడా కదలని బరువే. కానీ వడ్డీ పన్నుకు ముందు పోతుంది, ఈ డివిడెండు పన్ను కట్టాక మిగిలిన దాంట్లోంచి పోతుంది. కాబట్టి వడ్డీ పక్కన అలాగే తీసేస్తే పొరపాటు. ఉదాహరణకు అప్పులో 60 లక్షలు తీర్చి, దాని బదులు పది శాతం ప్రిఫరెన్స్ షేర్లు ఇచ్చారనుకుందాం. వడ్డీ 18 లక్షలకు తగ్గుతుంది, డివిడెండు 6 లక్షలు. ఆ 6 లక్షలు పంచాలంటే 25 శాతం పన్ను కట్టేవాడు ముందు 8 లక్షలు సంపాదించాలి. డివిడెండును, ఒకటిలోంచి పన్ను రేటు తీసేయగా మిగిలిన 0.75తో భాగిస్తే ఆ 8 వస్తుంది. కాబట్టి 64లోంచి 18, 8 తీసేస్తే 38, ఫైనాన్షియల్ లీవరేజ్ 64 బై 38, సుమారు 1.68. చూశారా, రెంటికీ రేటు పది శాతమే అయినా బరువు పెరిగింది.

పరీక్షల్లో ఇదే నిచ్చెనను కింది నుంచి పైకి ఎక్కమని అడుగుతారు. వడ్డీ 24 లక్షలు, ఫైనాన్షియల్ లీవరేజ్ 1.6, ఆపరేటింగ్ లీవరేజ్ 2, చర ఖర్చు అమ్మకంలో 20 శాతం, ఇవి మాత్రమే ఇచ్చి లాభనష్టాల పట్టిక తయారుచేయమంటారు. తొందరపడి అమ్మకం దగ్గర మొదలుపెడితే దారి దొరకదు. రూపాయల్లో తెలిసింది వడ్డీ ఒక్కటే, అక్కడే మొదలుపెట్టాలి. ఈబిట్‌ను, అందులోంచి 24 తీసేసిన దానితో భాగిస్తే 1.6 వస్తోంది. అంటే ఈబిట్‌లో 0.6 భాగం, 1.6 రెట్ల 24కు, అంటే 38.4కు సమానం. ఈబిట్ 64. దానికి రెట్టింపు కాంట్రిబ్యూషన్ 128. అది అమ్మకంలో 80 శాతం కాబట్టి అమ్మకం 160. కాంట్రిబ్యూషన్‌కూ ఈబిట్‌కూ తేడా 64, అదే స్థిర ఖర్చు. మన కోల్డ్ స్టోరేజీ మళ్లీ కళ్ల ముందు నిలబడింది.

ఈ లెక్కలకు అందని బరువు ఒకటుంది, అది అసలు వాయిదా. ఫైనాన్షియల్ లీవరేజ్‌లో వడ్డీ ఉంటుంది కానీ అసలు ఉండదు. ఈయన 2 కోట్ల 40 లక్షలూ ఎనిమిదేళ్లలో తీర్చాలి, ఏడాదికి 30 లక్షలు. మంచి ఏడాది పన్ను పోను 30 లక్షలు మిగిలాయి. దానికి తరుగుదల కింద రాసిన 26 లక్షలు కలపాలి, ఎందుకంటే అది పుస్తకంలో ఖర్చే కానీ చేతిలోంచి పోని డబ్బు. 56 లక్షల్లోంచి 30 కట్టడం కష్టం కాదు. సరుకూ అద్దే రెండూ పడిన ఏడాది మిగిలేది 9.6 లక్షలు, తరుగుదలతో కలిపి 35.6. వాయిదా కట్టాక ఐదున్నర లక్షలు. ఆ ఏడాది కంప్రెసర్ మోటారు కాలితే ఆ డబ్బు దానికే చాలదు. లీవరేజ్ ఇంతే ఉన్న మరో కోల్డ్ స్టోరేజీ పన్నెండేళ్ల గడువుతో అప్పు తెచ్చుకుని ఉంటే, అదే చెడ్డ ఏడాదిని తేలిగ్గా దాటేస్తుంది. రెంటి లీవరేజ్ అంకెల్లోనూ ఆ తేడా కనిపించదు.

లేవబోతూ ఆసామి అసలు విషయం బయటపెట్టారు. పక్కనే ఇంకో చాంబరు కట్టే ఆలోచన ఉందట. కోటి రూపాయల అప్పుకు బ్యాంకులో మాట్లాడుకున్నారట. మళ్లీ కాగితం తీశాం. కొత్త చాంబరు తరుగుదల, దాని కరెంటు, ఒక మనిషి జీతం కలిపి ఏడాదికి 12 లక్షల స్థిర ఖర్చు. వడ్డీ 10 లక్షలు. ఎనబై వేల టిక్కీలే వస్తే కాంట్రిబ్యూషన్ 128, ఈబిట్ 52, పన్నుకు ముందు లాభం 18 లక్షలు. కంబైన్డ్ లీవరేజ్ 3.2 నుంచి 7.1కి చేరింది. లాభమూ నష్టమూ లేని చోటు యాబై ఐదు వేల నుంచి 68,750 టిక్కీలకు జరిగింది. పాత నలబై లక్షలే మళ్లీ రావాలన్నా, ఎనబై వేల పైన ఇంకో 13,750 టిక్కీలు తేవాలి. ఇప్పుడున్న గదుల్లో లక్ష టిక్కీలు పడతాయి, ఈ ఏడు దిగినవి డెబ్బై రెండు వేలు.

ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "ముందు ఉన్న ఇరవై ఎనిమిది వేలు నింపే దారి చూడాలి" అన్నారు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ. కొత్త చాంబరుకు పునాది ఇంకా తీయలేదని విన్నాను.